మీటర్ స్కేలు, కత్తి అంచు, ఒక తెలిసిన బరువు: తెలియని ద్రవ్యరాశిని సరిగ్గా కనుక్కోవడం ఎలా

బెంగళూరు మారతహళ్ళిలో మా ట్యూషన్‌కి వచ్చే ఫస్ట్ పీయూసీ తెలుగు పిల్లలు ఈ ప్రయోగం గురించి ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "సార్, ఫార్ములా కరెక్టే వేశాం, కానీ ఒక్కో రీడింగుకీ ఒక్కో జవాబు వస్తోంది. ఎందుకు?" ఇంట్లో చేసి చూద్దామనుకునే తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతున్నారు.

ఫార్ములా చిన్నదే. స్కేలును కత్తి అంచు మీద పెట్టి రెండు వైపులా బరువులు వేలాడదీసినప్పుడు అది నిలకడగా ఉంటే, ఎడమవైపు టార్క్, అంటే బరువు స్కేలును తిప్పే ప్రభావం, కుడివైపు టార్క్‌కి సమానం:

m × x = M × y

m తెలియని ద్రవ్యరాశి, x దాని దూరం. M తెలిసిన ద్రవ్యరాశి, y దాని దూరం. గొడవంతా ఆ దూరాలను ఎక్కడి నుంచి కొలిచారన్న దగ్గరే వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో బరువులు వేలాడదీయడం కన్నా, అవి వేలాడదీయడానికి ముందు చేయాల్సిన పనికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణగా ఒక చిన్న ఇత్తడి తాళం కప్పను తీసుకుందాం. దాని ద్రవ్యరాశి మనకు తెలియదు. తెలిసిన బరువు 50 గ్రాములు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- చెక్క మీటర్ స్కేలు. వంకర లేకుండా ఉండాలి. కొన మీద సున్నా గీత అరిగినా ఫర్వాలేదు, మనం వాడేది రెండు గుర్తుల మధ్య తేడానే.
- కత్తి అంచు. ల్యాబులో అయితే వెడ్జ్ ఇస్తారు. ఇంట్లో అయితే వడ్రంగులు వాడే మూడు పలకల ఆకురాయి బాగా పనికొస్తుంది.
- నిలబెట్టిన ఇటుక ఒకటి.
- తెలిసిన బరువు 50 గ్రాములు.
- సన్నని మిషన్ దారం, పెన్సిల్, గ్రాఫు కాగితం.

ఇటుక ఎందుకంటే, బరువులు గాల్లో వేలాడాలి. నిలబెడితే సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, పైభాగం ఇరుకుగా ఉంటుంది. ఈ ఇరుకుదనం కూడా అవసరమే. తాళం కప్పను కత్తి అంచుకు 10 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీసినప్పుడు అది ఇటుకకు తగలకూడదు. పుస్తకాల దొంతర పెడితే చాలాసార్లు తగులుతుంది, తగిలిన సంగతి కంటికి కనపడదు కూడా. ఆకురాయి దొర్లకుండా రెండు కొనల దగ్గరా కాస్త క్లే పెట్టి, ఒక అంచు పైకి ఉండేలా ఇటుక మీద అదిమేయండి.

తెలిసిన బరువుకు ల్యాబులో హ్యాంగర్, దాని మీద వేసే బిళ్లలు ఉంటాయి. M అంటే హ్యాంగర్, బిళ్లలు రెండూ కలిపిన మొత్తం. హ్యాంగర్‌ని వదిలేస్తే జవాబు ఏకంగా సగానికి కూడా పడిపోవచ్చు.

ఇంట్లో నాణేలు వాడేవాళ్ళకు ఒక జాగ్రత్త. రూపాయి నాణేలన్నీ ఒకే బరువు ఉండవు. 2011 సిరీస్ రూపాయి 3.79 గ్రాములు, 2019 సిరీస్ రూపాయి 3.09 గ్రాములు. రెండూ కలిపేసి లెక్కపెడితే మొదట్లోనే తప్పు. అంతకన్నా సులువైన దారి నీళ్లు: మందుల షాపులో దొరికే సిరంజితో 50 మిల్లీలీటర్లు కొలిచి పల్చటి ప్లాస్టిక్ సంచీలో పోసి మూతి కట్టండి. గది వేడిలో అది 49.8 గ్రాముల పైన ఉంటుంది, సంచీ బరువు ఒక గ్రాము లోపే. మన పనికి ఇది చాలు.

## 2. అంచు ఎంత పదునుందో చూసుకోండి

ఈ మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. కత్తి అంచు మొద్దుబారి 2 మిల్లీమీటర్ల వెడల్పుతో చదునుగా ఉందనుకోండి. అప్పుడు స్కేలు ఒక గీత మీద కాదు, ఒక చిన్న బల్ల మీద కూర్చున్నట్టు. టార్కులు కాస్త తేడాగా ఉన్నా అది పడిపోదు, "బ్యాలెన్స్ అయింది" అని మనల్ని నమ్మిస్తుంది.

ఎంత తేడాను దాచేస్తుంది? మన స్కేలు 110 గ్రాములు, దాన్ని ఏడో భాగంలో కనుక్కుంటాం. రెండు బరువులు కలిపి సుమారు 120 గ్రాములు, మొత్తం 230 గ్రాములు ఆ అంచు మీద ఉంటాయి. అంచులో సగం వెడల్పు 0.1 సెంటీమీటరు. అంటే 23 గ్రాము-సెంటీమీటర్ల టార్క్ తేడా కనపడకుండా పోతుంది. 50 గ్రాముల బరువును దాదాపు అర సెంటీమీటరు అటూ ఇటూ జరిపినా స్కేలు కదలదన్న మాట. తాళం కప్ప 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఇది జవాబులో 2.3 గ్రాముల అనిశ్చితి. 30 సెంటీమీటర్ల దూరంలో అయితే 0.8 గ్రాములే.

ఖాళీ స్కేలును అంచు మీద పెట్టి మెల్లగా జరుపుతూ, ఎంత మేర జరిపినా పడకుండా ఉంటుందో చూడండి. ఆ మేరే మీ అంచు వెడల్పు. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే పని మొదలుపెట్టండి. ఎక్కువుంటే ఆకురాయిని తిప్పి ఇంకో అంచు వాడండి.

## 3. స్కేలు అసలు గరిమనాభిని కనుక్కోండి

ఇదే ఈ ప్రయోగానికి ప్రాణం.

స్కేలు మధ్య గుర్తు 50.0. కానీ స్కేలు గరిమనాభి, అంటే దాని బరువంతా ఒకే చోట ఉన్నట్టు పనిచేసే బిందువు, అక్కడే ఉండాలని లేదు. చెక్క సాంద్రత అంతటా ఒకేలా ఉండదు, ఒక కొనకు ఇత్తడి తొడుగు కాస్త మందంగా ఉండొచ్చు, ఇంకో కొన చిట్లి ఉండొచ్చు.

1. స్కేలును వెడల్పాటి ముఖం కిందకి ఉండేలా అంచు మీద పెట్టండి. సన్నటి పక్క మీద నిలబెట్టొద్దు, పక్కకు దొర్లుతుంది.
2. స్కేలు అంచుకు లంబంగా ఉండాలి. ఏటవాలుగా ఉంటే చదివే గుర్తు మారిపోతుంది.
3. మెల్లగా జరుపుతూ, కుడి కొన కిందకి పోవడం మొదలయ్యే గుర్తు రాసుకోండి. తర్వాత ఎడమ కొన కిందకి పోయే గుర్తు రాసుకోండి.
4. రెంటి మధ్య బిందువే గరిమనాభి.

మన స్కేలులో ఆ రెండు గుర్తులు 50.35, 50.45 వచ్చాయి. గరిమనాభి 50.4. స్కేలు అడుగున, సరిగ్గా అంచు తగిలే చోట పెన్సిల్‌తో గీత గీయండి. ఇక ప్రయోగం ముగిసేదాకా అంచు ఆ గీత కిందే ఉండాలి. స్కేలు మధ్యలో పడిపోతే మళ్ళీ ఆ గీత దగ్గరే పెట్టాలి.

"రెండు వైపులా పడే గుర్తులు ఎందుకు, నిలబడిన చోటే చదివితే పోదా?" అంటారు. అంచు మీద పెట్టిన స్కేలు నిజానికి ఊగి ఊగి సమతలంగా ఆగే రకం కాదు. స్కేలు బరువు కూడా, పైనుంచి వేసిన దారం ఉచ్చుల బరువు కూడా అంచుకు కాస్త ఎత్తులో పనిచేస్తాయి. కొంచెం వాలితే ఇంకా వాలుతుంది. కాబట్టి "కదలకుండా నిలిచే క్షణం" కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రెండు హద్దులు పట్టుకుని మధ్య బిందువు తీసుకోవడమే నమ్మకమైన పద్ధతి.

ఇంకో మాట: ఫ్యాన్ ఆపేయండి. బెంగళూరులో అది పెద్ద కష్టమేం కాదు. చెన్నైలో మే నెలలో చేసేవాళ్ళు మాత్రం రీడింగు తీసుకునేంతసేపైనా ఓర్చుకోవాలి.

## 4. బరువులు వేలాడదీయడం, రీడింగులు తీసుకోవడం

దారంతో ఉచ్చులు రెండు కట్టండి, స్కేలు మీద జరిగేంత వదులుగా. దారం స్కేలుకు అడ్డంగా, నిటారుగా ఉండాలి. ఏటవాలుగా ఉంటే స్కేలు ఒక పక్కన 30.4, రెండో పక్కన 30.8 చూపిస్తుంది.

వరుస ఇలా:

1. తాళం కప్పను గరిమనాభికి ఎడమవైపు 10 సెంటీమీటర్ల దూరంలో, అంటే 40.4 గుర్తు దగ్గర వేలాడదీయండి. ఈ పని చేసేటప్పుడు స్కేలును వేలితో పట్టుకుని ఉండండి.
2. 50 గ్రాముల బరువును కుడివైపు పెట్టి, బయటికి జరుపుకుంటూ పోండి. కుడి కొన వాలే గుర్తు రాసుకోండి.
3. వెనక్కి జరపండి. ఎడమ కొన వాలే గుర్తు రాసుకోండి.
4. మధ్య బిందువు నుంచి 50.4 తీసేస్తే y వస్తుంది.
5. తాళం కప్పను 15, 20, 25, 30 సెంటీమీటర్ల దూరాలకు మార్చుతూ ఇదే చేయండి.

గుర్తు చదివేటప్పుడు కన్ను దారానికి సరిగ్గా పైన ఉండాలి. ప్రతి రీడింగు ముందూ అడుగున ఉన్న పెన్సిల్ గీతను ఒకసారి చూడండి. ఉచ్చు జరిపేటప్పుడు స్కేలు కూడా జరగడం ఇక్కడ మామూలే.

x = 20 దగ్గర మన బరువు 79.0 నుంచి 79.4 వరకు పడకుండా ఉంది. మధ్య బిందువు 79.2, కాబట్టి y = 28.8. మొత్తం పట్టిక ఇది:

| x (సెం.మీ.) | y (సెం.మీ.) | m = 50 × y ÷ x (గ్రా.) |
|---|---|---|
| 10.0 | 14.5 | 72.5 |
| 15.0 | 21.5 | 71.7 |
| 20.0 | 28.8 | 72.0 |
| 25.0 | 36.1 | 72.2 |
| 30.0 | 43.1 | 71.8 |

సగటు 72.0 గ్రాములు. విలువలు ఒకసారి పైకి, ఒకసారి కిందకి పోతున్నాయి తప్ప ఒకే దిక్కుకు జరగడం లేదు. ఇది మంచి లక్షణం. ఎందుకో ఆరో భాగంలో చెబుతాను.

స్కేలు సరిగ్గా సమతలంగా లేదని కంగారుపడి రీడింగులు పారేసేవాళ్ళున్నారు. స్కేలు కొద్దిగా వాలితే రెండు భుజాల అడ్డు దూరాలూ దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి, కాబట్టి లెక్కలో అవి కొట్టుకుపోతాయి. సమతలం కావాలనేది బ్యాలెన్స్ స్థానం పట్టుకోవడం కోసమే.

## 5. గ్రాఫు నుంచి జవాబు

x ని అడ్డంగా, y ని నిలువుగా తీసుకుని అయిదు చుక్కలూ పెట్టండి. చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే ఒకే సరళరేఖ గీయండి. సున్నా గుండా పోవాలని బలవంతం చేయొద్దు, అది ఎక్కడికి పోతే అక్కడికి పోనివ్వండి.

రేఖ మీద దూరదూరంగా రెండు బిందువులు ఎంచుకోండి. పట్టికలోని చుక్కలు కాదు, రేఖ మీదివి. మన రేఖ మీద x = 12 దగ్గర y = 17.3, x = 28 దగ్గర y = 40.3.

వాలు = (40.3 − 17.3) ÷ (28 − 12) = 23.0 ÷ 16 = 1.4375

m = M × వాలు = 50 × 1.4375 = 71.9 గ్రాములు

y లో అనిశ్చితి సుమారు 0.2 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల దూరంలో అది 50 × 0.2 ÷ 30, అంటే 0.3 గ్రాముల పైచిలుకు. కాబట్టి జవాబును 71.9 ± 0.4 గ్రాములు అని రాయొచ్చు. వంటింటి డిజిటల్ కాటా మీద ఈ తాళం కప్ప 72 చూపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 71.875 అని మూడు దశాంశాలు రాస్తే మాత్రం మార్కులు పోతాయి, పోవాలి కూడా.

9.8 తో గుణించాలా అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. ద్రవ్యరాశి కోసం అక్కర్లేదు, g రెండు వైపులా ఉంది కాబట్టి పోతుంది. రికార్డులో టార్క్ విలువ రాయమంటే మాత్రం కావాలి: 0.050 × 9.8 × 0.288 = 0.141 న్యూటన్ మీటర్లు. ఇక్కడ గ్రాములను కిలోగ్రాముల్లోకి, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చాలని మర్చిపోవద్దు.

## 6. తప్పు ఎక్కడుందో పట్టికే చెబుతుంది

ఇదే స్కేలును గరిమనాభి చూడకుండా నేరుగా 50.0 గుర్తు దగ్గర అంచు మీద పెట్టారనుకుందాం. గరిమనాభి 50.4 లో ఉంది కాబట్టి స్కేలు సొంత బరువు 110 × 0.4 = 44 గ్రాము-సెంటీమీటర్ల టార్క్‌తో కుడివైపుకు లాగుతూ ఉంటుంది. మనం వేసిన బరువుకు అది చాటుగా సాయం చేస్తోందన్న మాట.

తాళం కప్ప నిజంగా 72 గ్రాములైతే ఏం కనపడుతుంది?

- x = 10 దగ్గర y = 13.5 వస్తుంది, m = 67.6 గ్రాములు.
- x = 30 దగ్గర y = 42.3 వస్తుంది, m = 70.5 గ్రాములు.

దూరం పెరిగేకొద్దీ జవాబు ఒకే దిక్కుకు జరుగుతోంది. దీన్ని చేతి వణుకు అని కొట్టేయలేం. పట్టికలో m విలువలు వరుసగా పెరుగుతూ పోతున్నా, తగ్గుతూ పోతున్నా, ఎక్కడో ఒక స్థిరమైన టార్క్ లెక్కలోకి రాకుండా ఉండిపోయిందని అర్థం. ముందుగా అనుమానించాల్సింది గరిమనాభినే.

ఇలాంటి పట్టిక చేతిలో ఉంటే పారేయక్కర్లేదు. గ్రాఫు గీయండి. వాలు (42.32 − 13.52) ÷ 20 = 1.44, దాన్నుంచి m = 72.0. స్థిరమైన టార్క్ రేఖ మొత్తాన్నీ కిందకి దించుతుంది కానీ దాని వాలును మార్చదు. రేఖ y అక్షాన్ని సున్నాకు 0.9 సెంటీమీటర్ల కింద తాకుతుంది, ఆ తాకే చోటే తప్పు ఎంతో చూపిస్తుంది. రేఖను సున్నా గుండా బలవంతంగా పోనివ్వొద్దన్నది ఇందుకే. సగటు కన్నా గ్రాఫును నమ్మమని నేను పట్టుబట్టేదీ ఇందుకే.

రెండో మందు, వైపులు మార్చడం. తాళం కప్పను కుడివైపు 30 సెంటీమీటర్ల దూరంలో, 50 గ్రాములను ఎడమవైపు పెట్టండి. ఈసారి స్కేలు బరువు తాళం కప్పకు సాయం చేస్తుంది, జవాబు 73.5 వస్తుంది. 70.5, 73.5 ల సగటు 72.0. సమయం తక్కువున్న ప్రాక్టికల్ పరీక్షలో గ్రాఫు గీసే తీరిక లేకపోతే ఈ పద్ధతి ఆదుకుంటుంది.

మిగతా తప్పులు క్లుప్తంగా:

- విలువలన్నీ ఒకే నిష్పత్తిలో తప్పు: M తప్పు. హ్యాంగర్ వదిలేశారు, లేదా నాణేల సిరీస్‌లు కలిసిపోయాయి. దీన్ని గ్రాఫు కూడా సరిచేయలేదు.
- ఒక్క రీడింగే దూరంగా పోయింది: బరువు ఇటుకకు తగిలింది, లేదా స్కేలు పెన్సిల్ గీత నుంచి జారింది. ఆ ఒక్కదాన్ని మళ్ళీ తీయండి.
- చెదురుమదురుగా, దగ్గరి దూరాల్లో మరీ ఎక్కువగా తేడా: అంచు మొద్దుగా ఉంది, లేదా ఫ్యాన్ తిరుగుతోంది.
- బరువు స్కేలు చివరికి వచ్చేసినా బ్యాలెన్స్ కావడం లేదు: M చాలదు. 300 గ్రాముల వస్తువుకు 50 గ్రాములు పెడితే 10 సెంటీమీటర్ల దూరానికే 60 సెంటీమీటర్లు కావాలి. 200 గ్రాములు వాడండి.

## 7. వేలాడదీయడానికి ఒక్క ఉచ్చే ఉంటే

కొన్ని ల్యాబుల్లో ఇంకో ప్రశ్న ఇస్తారు: ఒకేసారి ఒక్క బరువే వేలాడదీయాలి. అప్పుడు రెండో బరువు స్కేలే. ఉచ్చు కదలదు, అంచు జరుగుతుంది.

ముందు స్కేలు ద్రవ్యరాశి కావాలి. 50 గ్రాములను 10.0 గుర్తు దగ్గర వేలాడదీసి, స్కేలును అంచు మీద జరుపుతూ బ్యాలెన్స్ పట్టుకోండి. మన స్కేలు 37.8 దగ్గర నిలిచింది. బరువు నుంచి అంచుకు 27.8, అంచు నుంచి గరిమనాభికి 12.6. స్కేలు ద్రవ్యరాశి = 50 × 27.8 ÷ 12.6 = 110.3 గ్రాములు.

తర్వాత 50 గ్రాములు తీసేసి అదే చోట తాళం కప్ప వేలాడదీయండి. అంచు ఇప్పుడు 34.4 దగ్గరికి వచ్చింది. దూరాలు 24.4, 16.0. m = 110.3 × 16.0 ÷ 24.4 = 72.3 గ్రాములు.

ముందటి జవాబుకు దగ్గరగానే ఉంది, కానీ దీని మీద నాకు నమ్మకం తక్కువ. ఇక్కడ అంచు జరిగితే ఒక భుజం పెరుగుతూ రెండోది తరుగుతుంది, కాబట్టి ఒక్క మిల్లీమీటరు తప్పు చదివితే జవాబు 0.7 గ్రాములు మారిపోతుంది. రెండు బరువుల పద్ధతిలో 30 సెంటీమీటర్ల దగ్గర అదే మిల్లీమీటరు 0.17 గ్రాములే మారుస్తుంది. పైగా 110.3 లో ఉన్న తప్పు కూడా జవాబులోకి వచ్చి చేరుతుంది. ప్రశ్నలో అడిగితే తప్ప దీన్ని మొదటి పద్ధతికి చెకింగ్‌గానే వాడండి. రెండు జవాబులకూ తేడా ఒక గ్రాము దాటితే, మూడో మెట్టుకు వెళ్ళి గరిమనాభిని మళ్ళీ చూడండి.